లారీ ఢీకొందా? లారీని ఢీకొన్నారా?

‘లారీ ఢీకొని యువకుడి మృతి’. ‘లారీని ఢీకొని యువకుడి మృతి’.

జిల్లా పేజీల్లో రోజూ కనిపించే మాదిరి శీర్షికలే ఇవి. రెండింటికీ తేడా ఒక్క ‘ని’. మొదటి దాంట్లో లారీ వచ్చి కుర్రాడిని గుద్దింది. రెండో దాంట్లో కుర్రాడే పోయి లారీని గుద్దాడు. కేసు ఎవరి మీద పెట్టాలో, బీమా ఎవరికి రావాలో శీర్షిక తేల్చదు. కానీ టీ తాగుతూ పేపరు తిరగేసే మనిషి మనసులో తప్పు ఎటువైపు ఒరగాలో ఆ ఒక్క అక్షరమే తేల్చేస్తుంది. ఇక ‘లారీ-బైక్ ఢీ: యువకుడి మృతి’ అని పెడితే ఎవరు ఎవరిని గుద్దారన్నదే మాయమైపోతుంది.

ఇలాంటివి మన పత్రికల్లో ఎన్ని వస్తాయి? ఎన్ని శీర్షికలు తప్పును డ్రైవరు మీదికి నెడతాయి, ఎన్ని రోడ్డు గుంతల ఊసెత్తుతాయి, ఎన్ని అసలు కారణమే చెప్పవు? ఒక వారం పేపర్లు ముందేసుకుని చదివితే ఎవరికైనా ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. చిక్కేమిటంటే, అది పత్రిక గురించిన అభిప్రాయమో చదివినవాడి స్వభావమో విడదీయలేం. కొడుక్కి కొత్తగా బైకు కొనిచ్చిన తండ్రి చదివితే ఒకలా, లారీ యజమాని చదివితే మరోలా తేలుతుంది. చదివే మనిషి మారినా లెక్క మారకూడదనుకునే పరిశోధకులు చేసే పనిని కంటెంట్ ఎనాలిసిస్ అంటారు. 1952లో బెర్నార్డ్ బెరెల్సన్ దీనికిచ్చిన నిర్వచనంలో ఒక షరతు ఉంది. లెక్కపెట్టేది రాతలో పైకి కనబడుతున్నదాన్నే, రాసినవాడి మనసులో ఉందని మనం ఊహించేదాన్ని కాదు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. శీర్షికల దగ్గరికి వచ్చేసరికి ఆ ‘పైకి కనబడుతున్నది’ ఎక్కడ ఆగుతుందో చెప్పడమే సగం పని అయి కూర్చుంటుంది.

రోడ్డు ప్రమాదాల వార్తల మీద ఈ పని జరిగింది కూడా. 2019లో అమెరికాలో కెల్సీ రాల్ఫ్, మరి కొందరు కలిసి పాదచారులు, సైకిలిస్టుల ప్రమాదాలపై వచ్చిన 200 స్థానిక వార్తలను ఇలాగే పరిశీలించారు. వాక్యాల్లో డ్రైవరు తరచూ కనిపించకుండా పోవడం, వాహనమే తనంతట తాను నడిచినట్టు రాయడం, తప్పు నడిచేవాళ్ల వైపు జరగడం వాళ్లు గమనించారు. వాళ్ల కొలబద్దను తెచ్చి తెలుగు మీద పెడదామంటే మాత్రం కుదరదు. కర్మణి వాక్యం చాటున డ్రైవరును దాచడం ఇంగ్లిష్ అలవాటు. మనకు ఆ పని ‘ఢీకొని’, ‘అదుపుతప్పి’, ‘బోల్తా’ లాంటి మాటలు చేసిపెడతాయి. కాబట్టి కోడ్‌బుక్ తెలుగులోనే పుట్టాలి.

కోడ్‌బుక్ అంటే శీర్షికను చదివేవాడికి ఇచ్చే రాతపూర్వక నియమావళి. ఆ చదివేవాడిని కోడర్ అంటారు. శీర్షికను అడగాల్సిన ప్రశ్నలు, ఒక్కోదానికి ఉండగల జవాబులు, ఆ జవాబులకు అంకెలు, ఏ జవాబు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో అందులో ఉంటాయి. అన్నింటికంటే ముందు ‘శీర్షిక’ అంటే ఏది అన్నది ఉండాలి. మన పేపరులో పెద్ద అక్షరాల హెడ్డింగ్ ఉంటుంది. దాని పైన చిన్న అక్షరాల్లో ఒక వరస, కింద రెండు మూడు సబ్ హెడ్డింగ్‌లు ఉంటాయి. ‘ఘోరం’ అని పైన వేసి, ‘ముగ్గురు కూలీలు దుర్మరణం’ అని మధ్యలో వేసి, ‘నిద్రమత్తులో డ్రైవర్’ అని కింద వేస్తే కారణం చెప్పినట్టా, చెప్పనట్టా? ఒక కోడర్ మధ్య వరసే చదివి, ఇంకొకరు మూడూ చదివితే వాళ్ల మధ్య వచ్చే తగాదా శీర్షిక గురించి కాదు, హద్దు గురించి. ఏ హద్దైనా పెట్టుకోవచ్చు, రాసి పెట్టుకోవాలంతే. నేనైతే పెద్ద హెడ్డింగ్ ఒక్కటే తీసుకుంటాను. సబ్ హెడ్డింగ్‌ల సంఖ్య స్థలాన్ని బట్టి పెరిగి తరుగుతుంది కాబట్టి, వాటిని కలిపితే పెద్ద వార్తకు కారణం చెప్పే అవకాశం ఎక్కువ దొరికినట్టవుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న రాసి చూద్దాం. ‘శీర్షికలో ఢీకొట్టినది ఎవరు?’ మొదటి చిత్తుప్రతిలో జవాబులు తేలిగ్గానే వస్తాయి: పెద్ద వాహనం, చిన్న వాహనం, నడిచే మనిషి, చెప్పలేదు. దీన్ని పట్టుకుని యాభై శీర్షికలు చదవగానే ‘చెట్టు ఢీకొని కారు నుజ్జు’ లాంటిది ఎదురవుతుంది. అక్షరాల ప్రకారం చెట్టే వచ్చి కొట్టింది! అలా ఎవరూ చదవరు. ఎందుకంటే మన భాషలో ప్రాణం లేని వాటికి ‘ని’, ‘ను’ తప్పనిసరి కాదు. చెట్టు ఎక్కాడంటాం, నీళ్లు తాగాడంటాం. చిన్నయసూరి కూడా బాలవ్యాకరణంలో జడాలకు ఈ వెసులుబాటు ఇచ్చాడు. దానికి తోడు డెస్కులో శీర్షిక పెట్టేవాడికి కాలమ్ వెడల్పు ఒక శత్రువు. ఒక్క అక్షరం పట్టకపోతే ముందు ఎగిరిపోయేది ఆ ‘ని’యే. అంటే ‘లారీ ఢీకొని’ అన్న చోట లారీ కర్త కావచ్చు, ‘ని’ రాలిపోయిన కర్మ కూడా కావచ్చు.

ఇక్కడ కోడర్ తెలివికి వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కో దారి పడతారు. నియమం ఇలా రాయవచ్చు: ముద్రించినది ముద్రించినట్టే తీసుకో. ప్రత్యయం లేకపోతే ఆ నామవాచకాన్నే ఢీకొట్టినదిగా వేయి. అయితే ఆ వస్తువు కదలదని శీర్షికలోని మాటలే చెబుతుంటే (చెట్టు, డివైడర్, స్తంభం, ‘ఆగి ఉన్న’ లారీ) దాన్ని కర్మగా తీసుకో. వార్త లోపలికి వెళ్లి చూడకు. ఈ చివరి మాట చాలామంది రాయడం మరిచిపోతారు. అప్పుడు మంచి కోడర్, అంటే శ్రద్ధగల కోడర్, వార్తంతా చదివి ‘అసలు సంగతి’ కనుక్కుని దాన్ని బట్టి అంకె వేస్తాడు. ఆ శ్రద్ధే కొంప ముంచుతుంది. ఎందుకంటే మనం కొలిచేది ప్రమాదాన్ని కాదు, శీర్షికను.

ఇలా ప్రతి ప్రశ్నకూ నియమం పక్కన సరిహద్దు ఉదాహరణలు ఉండాలి. ‘మద్యం మత్తులో డ్రైవింగ్.. ఇద్దరి బలి’ లాంటి తేలిక ఉదాహరణ వల్ల ఉపయోగం లేదు. అది ఎవరైనా సరిగ్గానే వేస్తారు. తగాదా పడే శీర్షికలే పుస్తకంలో చోటు సంపాదించుకోవాలి. అందుకే చేయి తిరిగిన వాళ్ల కోడ్‌బుక్ కోర్టు తీర్పుల సంపుటంలా ఉంటుంది.

పుస్తకం సిద్ధమైందనుకుందాం. ఇద్దరు కోడర్లు కావాలి. వాళ్లను పద్మ, సలీం అనుకుందాం. ఇక్కడినుంచి చెప్పే అంకెలు పద్ధతి చూపించడానికి నేను కల్పించుకున్నవి, ఏ పత్రిక లెక్కా కాదు. పరీక్షిస్తున్న ప్రశ్న: ‘శీర్షిక ప్రమాదానికి కారణం చెప్పిందా?’ జవాబు అవును లేదా కాదు. శిక్షణకు వాడిన శీర్షికలను పక్కన పెట్టేసి, ఇద్దరూ అంతకుముందు చూడని 100 శీర్షికలను యాదృచ్ఛికంగా తీశాం. పత్రిక పేరు కనబడకుండా మళ్లీ టైపు చేశాం. ఏ పత్రికో తెలిస్తే చదివే కన్ను మారిపోతుంది. ఇద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చుని, మాట్లాడుకోకుండా అంకెలు వేశారు.

ఫలితం: 30 శీర్షికలకు ఇద్దరూ అవునన్నారు. 50కి ఇద్దరూ కాదన్నారు. 16 చోట్ల పద్మ అవునంది, సలీం కాదన్నాడు. 4 చోట్ల సలీం అవునన్నాడు, పద్మ కాదంది. అంటే నూటికి ఎనభై చోట్ల ఏకాభిప్రాయం. పరీక్షలో ఎనభై మార్కులంటే సంతోషించే జాతి మనది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి.

రెండే జవాబులున్న ప్రశ్నకు కళ్లు మూసుకుని వేసినా కొన్ని కలుస్తాయి. ఆ ఉచిత మార్కులు ఎన్నో తెలియాలి. ఇలా చేయండి. ఇద్దరూ వేసిన 200 జవాబులను చీటీల మీద రాసి ఒక సంచిలో పోయండి. పద్మవి 46 అవునులు, సలీంవి 34, మొత్తం 80. మిగతా 120 కాదులు. సంచి కుదిపి, చూడకుండా రెండు చీటీలు తీస్తే అవి వేరు వేరుగా వచ్చే అవకాశం ఎంత? లెక్కవేస్తే నూటికి 48కి కాస్త పైన. అంటే శీర్షిక చదవకుండా గుడ్డిగా వేసుకుంటూ పోయినా 100లో దాదాపు 48 చోట్లే తేడా వస్తుంది. మన కోడర్లు కష్టపడి చదివాక తేడా వచ్చింది 20 చోట్ల. గుడ్డితనం 48 తప్పులు చేసే చోట చదువు 20 తప్పులు చేసింది. 20ని 48.2తో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేస్తే 0.59 మిగులుతుంది. క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అంటే ఇదే.

```
α = 1 − (Do ÷ De)
```

ఇందులో Do కంటికి కనిపించిన తేడా, De చీటీల సంచి ఇచ్చే తేడా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్లాస్ క్రిపెన్‌డార్ఫ్ పేరు మీద వచ్చిన కొలత ఇది. 1955లో విలియం స్కాట్, 1960లో జాకబ్ కోహెన్ ఇచ్చిన కొలతలకు చుట్టమే. పై పట్టికకు కోహెన్ కప్పా లెక్కవేసినా 0.59 వస్తుంది. కోడర్లు ముగ్గురు నలుగురైనా, మధ్యలో కొన్ని జవాబులు ఖాళీగా ఉన్నా పనిచేస్తుంది కాబట్టి ఆల్ఫాను ఎక్కువమంది వాడుతున్నారు. కంప్యూటర్‌లో ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు వరసల పని:

```
library(irr)
kripp.alpha(codes, method = "nominal")
```

ఇందులో ఒక గోతిని గుర్తుంచుకోవాలి. ఈ ఆదేశం ఒక్కో కోడర్ జవాబులు ఒక్కో అడ్డ వరసలో ఉండాలని ఆశిస్తుంది. మనం మామూలుగా శీర్షికలను కిందికి రాసుకుంటూ పోతాం. అలాగే ఇచ్చేస్తే అది అడ్డుచెప్పదు, ఏదో ఒక పిచ్చి అంకె ఇస్తుంది. ఫలితంలో ‘Subjects = 2’, ‘Raters = 100’ అని కనిపిస్తే పట్టిక తిరగబడిందని అర్థం.

0.59 సరిపోతుందా? క్రిపెన్‌డార్ఫ్ చెప్పిన గీతలు రెండు. 0.800, ఆ పైన ఉంటే నమ్మవచ్చు. 0.667 నుంచి 0.800 మధ్య ఉంటే తాత్కాలికంగా, జంకుతూ ఏదైనా అనవచ్చు. అంతకంటే కింద ఉంటే ఆ ప్రశ్నను అలాగే వాడకూడదు. కాబట్టి మన ప్రశ్న తప్పింది.

తప్పింది కోడర్లు కాదు, ప్రశ్న. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. అంకె తక్కువ రాగానే కోడర్లను కేకలేసి, ‘ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి’ అని మళ్లీ కూర్చోబెడతారు. అంతకంటే ముందు తేడా వచ్చిన ఆ 20 శీర్షికలను విడిగా తీసి చూడాలి. పట్టికే ఒక రహస్యం చెబుతోంది: 16, 4. పొరపాట్లు అజాగ్రత్త వల్ల వచ్చి ఉంటే ఇంచుమించు పది, పది అయ్యేవి. ఇలా ఒకవైపు ఒరిగాయంటే పద్మ తలలో పుస్తకంలో లేని నియమం ఒకటి ఉంది. ఆ పదహారూ చదివితే పదకొండింటిలో ఒకటే మాట: ‘అదుపుతప్పి’. ఇంకో మూడింటిలో ‘మలుపులో బోల్తా’. మిగిలిన రెండే అసలు పొరపాట్లు.

ఇద్దరినీ అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడించాలి.

‘‘అదుపుతప్పి అంటే డ్రైవరు సరిగ్గా నడపలేదనే కదా సలీం, కారణం చెప్పినట్టే’’ అంటుంది పద్మ.

‘‘టైరు పేలినా అదుపు తప్పుతుంది కదక్కా. గొర్రె అడ్డమొచ్చినా తప్పుతుంది. ఏమైందో చెప్పారు గానీ ఎందుకైందో చెప్పలేదు’’ అంటాడతను.

ఇద్దరూ తెలివిగానే మాట్లాడుతున్నారు. ఎవరు రైటో తేల్చడం పరిశోధకుడి పని కాదు, ఒక దారి ఎంచి రాయడం అతని పని. నా ఓటు సలీంకి. అయితే ‘అదుపుతప్పి ఉంటే కాదు అని వేయి’ అని ఊరుకుంటే పద్మ విన్నది శాశ్వతంగా పోతుంది. ఆమెలాగే వినే పాఠకులు ఎంతమందో! అందుకని పుస్తకంలో రెండు మార్పులు చేస్తాం. కారణం ప్రశ్నకింద ‘అదుపుతప్పి, బోల్తా, పల్టీ లాంటివి జరిగినదాన్నే చెబుతాయి, ఒంటరిగా వస్తే కారణం కాదు’ అని చేరుస్తాం. విడిగా ఇంకో చిన్న ప్రశ్న పెడతాం: ‘అదుపుతప్పి అన్న మాట ఉందా, లేదా?’ దానికి ఎవరూ తగాదాపడలేరు, కంటికి కనబడే మాట. తర్వాత విశ్లేషణలో కావాలంటే దాన్ని కారణంతో కలుపుకోవచ్చు, వద్దంటే విడిగా ఉంచవచ్చు. రెండు రకాలుగానూ లెక్కవేసి చూపిస్తే పాఠకుడే చూసుకుంటాడు. అర్థం చెప్పే పనిని కోడర్ చేతిలోంచి తీసి పరిశోధకుడి మీద, అదీ బహిరంగంగా, పెట్టడం ఇందులోని కిటుకు. మలుపు సంగతీ అంతే. ‘మలుపులో బోల్తా’ చోటు చెబుతుంది. ‘ప్రాణాలు తీసిన మలుపు’ నింద మోపుతుంది. మొదటిది కాదు, రెండోది అవును.

ఇప్పుడు మళ్లీ పరీక్ష. పాత 100 శీర్షికలతో కాదు. వాటి మీద కూర్చుని వాదించుకున్నారు కాబట్టి జవాబులు గుర్తుంటాయి. కొత్త 100 తీయాలి. ఈసారి 31 చోట్ల ఇద్దరూ అవును, 60 చోట్ల ఇద్దరూ కాదు, తేడాలు 5, 4. తేడా 20 నుంచి 9కి తగ్గింది, అటూ ఇటూ సమంగా ఉంది. సంచిలో ఇప్పుడు 71 అవునులు, 129 కాదులు. గుడ్డి తేడా 46. ఆల్ఫా 0.80. గీత దాటింది. మిగిలిన తొమ్మిదీ అలసటవే తప్ప నియమానివి కావని ఆ సమానత చెబుతోంది. ఇక్కడితో ఆపవచ్చు.

అన్ని ప్రశ్నలూ ఇంత మర్యాదగా లొంగవు. 1991లో శాంతో అయ్యంగార్ టీవీ వార్తల గురించి చెప్పిన తేడా ఒకటుంది. కొన్ని వార్తలు ఒక్క ఉదంతాన్నే చూపిస్తాయి. కొన్ని దాన్ని ఒక ధోరణిలో భాగంగా చూపిస్తాయి. ఉదంతం చూసినవాళ్లు వ్యక్తులను తప్పుపడతారు, ధోరణి చూసినవాళ్లు ప్రభుత్వాన్నీ సమాజాన్నీ అడుగుతారు. రోడ్డు ప్రమాదాలకు ఇది చక్కగా అతికే ప్రశ్న. ‘బైక్ ఢీకొని వృద్ధుడి మృతి’ ఉదంతం. ‘ఆ కూడలిలో ఆరో ప్రమాదం’ ధోరణి. కోడర్లకు ఇస్తే 100 శీర్షికల్లో 92 ఇద్దరూ ఉదంతాలే అన్నారనుకుందాం. 1 మాత్రం ఇద్దరూ ధోరణి అన్నారు. 4 పద్మ ఒక్కతే, 3 సలీం ఒక్కడే ధోరణి అన్నారు. ఏకాభిప్రాయం నూటికి 93! కారణం ప్రశ్న రెండో పరీక్షలో తెచ్చుకున్న 91 కంటే ఎక్కువ. ఆల్ఫా చూస్తే 0.19.

మొదటిసారి చూసినవాళ్లు లెక్క తప్పిందేమో అనుకుంటారు. తప్పలేదు. సంచిలోకి వెళ్లండి. 200 చీటీల్లో 191 ‘ఉదంతం’ చీటీలే. గుడ్డిగా తీసినా రెండూ వేరుగా వచ్చేది నూటికి 9 సార్లయినా కాదు. మన కోడర్లు చదివి కూడా 7 చోట్ల విడిపోయారు. చదవకపోతే దాదాపు తొమ్మిది, చదివితే ఏడు. ఇక చదివి ఏం లాభం? లెక్క వద్దనుకుంటే ఇలా చూడండి: ఎవరో ఒకరు ధోరణి అన్న శీర్షికలు మొత్తం ఎనిమిది. వాటిలో ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కటి.

ఈ చోట ఒక వాదం ఉంది, న్యాయంగా చెప్పాలి. అరుదైన జవాబు ఉన్నప్పుడు ఆల్ఫా, కప్పా మరీ కఠినంగా ఉంటాయని విమర్శించేవాళ్లున్నారు. గ్వెట్ ఏసీ1 అనే మరో కొలత ఇదే పట్టికకు 0.92 ఇస్తుంది. 0.19, 0.92 ఒకే కాగితం మీదివి! అందుకని అంకె బాగా రాని చోట ఏసీ1 వైపు జారుకోవడం కొందరికి అలవాటైంది. నా మాటేమిటంటే, మనం తెలుసుకోవాలనుకున్నది ధోరణి శీర్షికలు ఎన్ని అని. ఆ సంఖ్యే పద్మను అడిగితే 5, సలీంను అడిగితే 4. అదృష్టవశాత్తూ దగ్గరగా ఉన్నా, అవి దాదాపు వేరు వేరు శీర్షికలు. 0.92 ఆ సంగతిని దాచేస్తుంది.

చేయగలిగింది ఒకటుంది. ధోరణి శీర్షికలు దొరికే అవకాశమున్న చోట్ల, అంటే ఏటా వచ్చే ప్రమాదాల గణాంకాల వార్తలు, బ్లాక్ స్పాట్‌ల మీద కథనాలు, వీటినుంచి ప్రత్యేకంగా ఏరి, మామూలు శీర్షికలతో కలిపి పరీక్ష పెట్టవచ్చు. అప్పుడు ‘ఆరో ప్రమాదం’ లాంటి అంకె ఉంటే చాలా, ‘మళ్లీ’, ‘మరో’ అన్నా ధోరణేనా అన్న తగాదా బయటపడుతుంది. ఆ ‘మరో’తోనే అసలు తంటా. ‘మరో ప్రమాదం’ అని మన పత్రికలు ఊరికే అలవాటుకొద్దీ కూడా రాస్తాయి. అంకెనో కాలాన్నో శీర్షిక చెప్పి తీరాలి అని గీత గీస్తే తగాదా తగ్గుతుంది. అయితే ఏరి కూర్చిన శీర్షికల మీద వచ్చిన ఆల్ఫా ఏరినదేనని నివేదికలో రాయాలి. అప్పటికీ రాకపోతే ఆ ప్రశ్నను వదిలేయాలి. ఇష్టమైన ప్రశ్నను వదిలేయడం కష్టం కాబట్టి కొందరు అన్ని ప్రశ్నల ఆల్ఫాలకూ సగటు తీసి ఒక్క అంకె చూపిస్తారు. తారీఖు, పేజీ నంబరు లాంటి తగాదా లేని ప్రశ్నలకు 1.00 వస్తుంది. వాటి పక్కన 0.19 హాయిగా దాక్కుంటుంది. ప్రతి ప్రశ్నకూ విడి అంకె కనిపించని పరిశోధన చూస్తే నాకు అనుమానం.

మరో దొంగదారి మరీ మర్యాదగా కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి కూర్చుని, తేడా వచ్చిన ప్రతిచోటా మాట్లాడుకుని రాజీపడి, ఆ తర్వాత లెక్కవేయడం. అలా వేస్తే ఆల్ఫా అద్భుతంగా వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. పెద్ద గొంతు ఉన్న కోడర్ గెలిచాడని తప్ప అది ఏమీ చెప్పదు. ముందు విడివిడిగా వేయాలి, లెక్క కట్టాలి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి.

పరీక్ష దాటాక అసలు పని మొదలవుతుంది. 1200 శీర్షికలున్నాయనుకుంటే ఇద్దరూ సగం సగం పంచుకోవచ్చు. కానీ కొన్ని ఉమ్మడిగా ఉండాలి. మొత్తంలో పదో వంతు, కనీసం యాభై అనేది ఈ పనిలో వాడుక. ఇక్కడ 120 అవుతాయి. వాటిని ఒకేచోట పెట్టకుండా, ఏవి ఉమ్మడివో కోడర్లకు తెలియకుండా, ప్రతి 200కీ ఇరవై చొప్పున చల్లాలి. ఎందుకంటే మూడు వారాలయ్యేసరికి మనుషులు జారతారు. పుస్తకం తెరవడం మానేసి, తలలో మిగిలిన నియమంతో వేస్తుంటారు. సలీం మెల్లగా పద్మలాగా ‘అదుపుతప్పి’ని కారణంగా వేయడం మొదలుపెట్టవచ్చు. మొదటి రెండు విడతల్లో ఇరవైకి ఒకటి రెండుగా ఉన్న తేడాలు నాలుగో విడతలో అయిదారు అయ్యాయంటే పని ఆపి, పుస్తకం తెరిచి, ఎక్కడనుంచి జారారో అక్కడనుంచి మళ్లీ వేయించాలి.

ఇన్ని చేసినా ఆల్ఫా చెప్పేది ఇద్దరూ ఒకేలా చదువుతున్నారని మాత్రమే. ఇద్దరూ ఒకేలా తప్పు చదువుతూ ఉండవచ్చు. మన మొదటి ప్రశ్ననే తీసుకోండి. ‘ముద్రించినది ముద్రించినట్టే’ అన్న నియమం వల్ల ‘లారీ ఢీకొని’ అన్న ప్రతిచోటా ఇద్దరూ లారీనే ఢీకొట్టినదిగా వేస్తారు, ఆల్ఫా 0.9 దాటినా దాటవచ్చు. అది నిజంగా శీర్షిక మోపిన నిందేనా? దీన్ని కోడర్లు తేల్చలేరు. అలాంటి శీర్షికలు ముప్పై తీసుకుని, కోడింగంతా అయ్యాక, ఈసారి కింద వార్తలు చదవాలి. ఎన్ని చోట్ల లారీ వచ్చి గుద్దిందో, ఎన్ని చోట్ల బైకు పోయి లారీని గుద్దిందో లెక్కపెట్టాలి. పక్కనే ఆ శీర్షిక ఎన్ని కాలమ్‌లలో వచ్చిందో కూడా రాసుకోవాలి. సింగిల్ కాలమ్ శీర్షికల్లో ‘ని’ పోయి, మూడు కాలమ్‌ల శీర్షికల్లో ‘ని’ నిలబడుతుంటే, ఆ అంకె కొలుస్తున్నది పత్రిక ఎవరిని నిందిస్తోందో కాదు, డెస్కులో కాలమ్ వెడల్పు ఎంత ఇచ్చారో.